క్రేన్ బుక్ చేసింది ఎవరు? ఇంగ్లిష్‌లో ఏ మాట నొక్కాలి?

ఇవాళ ఎపిసోడ్ మొత్తం దాదాపు ఒకే వాక్యం మీద నడుస్తుంది. పోర్టులో పని చేసేవాళ్ల నోట్లో ఈజీగా వచ్చే వాక్యమే.

రవి బుక్డ్ ద క్రేన్ ఫర్ ది ఔటర్ హార్బర్.

రవి ఔటర్ హార్బర్ కోసం క్రేన్ బుక్ చేశాడు. అంతే కదా? ఇప్పుడు ఇదే వాక్యాన్ని నేను కొన్ని రకాలుగా చదువుతాను. టెక్స్ట్ చదువుతున్నవాళ్ల కోసం నొక్కిన మాటని లావు అక్షరాల్లో పెట్టాను.

రవి బుక్డ్ ద క్రేన్ ఫర్ ది ఔటర్ హార్బర్. ఎవరు బుక్ చేశారు అని అడిగితే ఇదీ జవాబు. శీను కాదు, రవి.

రవి బుక్డ్ ద క్రేన్ ఫర్ ది ఔటర్ హార్బర్. అవతలివాడు "క్రేన్ క్యాన్సిల్ చేశాడట కదా" అన్నాడు. లేదు బాబూ, బుక్ చేశాడు.

రవి బుక్డ్ ద క్రేన్ ఫర్ ది ఔటర్ హార్బర్. ఫోర్క్‌లిఫ్ట్ కాదు, క్రేన్.

రవి బుక్డ్ ద క్రేన్ ఫర్ ది ఔటర్ హార్బర్. ఇది మన వైజాగ్‌లో బాగా పనికొచ్చేది. ఎందుకంటే మనకి ఇన్నర్ హార్బర్ ఉంది, ఔటర్ హార్బర్ ఉంది, ఫిషింగ్ హార్బర్ కూడా ఉంది. మాట్లాడుకునే ఇద్దరికీ 'హార్బర్' అన్నది ముందే తెలుసు, తెలియాల్సింది 'ఏ హార్బర్' అన్నదే.

మాటలు మారలేదు, వరస మారలేదు. నొక్కు ఎక్కడ పడిందో అది మారింది, దాంతో మనం ఏ ప్రశ్నకి జవాబు చెప్తున్నామో అది మారిపోయింది. ఈ ప్రధానమైన నొక్కునే న్యూక్లియర్ స్ట్రెస్ అంటారు. అణుబాంబుతో సంబంధం లేదు, న్యూక్లియస్ అంటే ఇక్కడ కేంద్రం. ఆ నొక్కుతో ముందుకొచ్చే కొత్త సమాచారం ఫోకస్.

ఏ ప్రశ్నా లేకుండా ఊరికే వార్తలా చెప్తే నొక్కు ఎక్కడ పడుతుంది? మామూలుగా వాక్యంలో చివరి బరువైన మాట మీద, అంటే ఇక్కడ 'హార్బర్' మీద. బరువైన మాట అంటే పేరు, క్రియ, విశేషణం లాంటివి. ఫర్, ద, టు లాంటివి లెక్కలోకి రావు. ఇది డిఫాల్ట్ సెట్టింగ్ అనుకోండి. ఆ చివరి మాట ఇద్దరికీ ముందే తెలిసిందైతే నొక్కు దాన్ని వదిలేసి వెనక్కి జరుగుతుంది. మన వైజాగ్ వాక్యంలో 'హార్బర్' నుంచి 'ఔటర్' మీదకి జరిగింది అందుకే.

సరే, మనకి ఇది ఎందుకు కష్టం? తెలుగులో ఈ పనికి వేరే సామాన్లు ఉన్నాయి కాబట్టి. "క్రేన్ బుక్ చేసింది రవి" అంటాం. చూశారా, క్రియని 'చేసింది' అని మార్చేసి రవిని చివరికి పంపించాం. లేదంటే "రవే బుక్ చేశాడు" అంటాం, ఒక్క ఏకారం తగిలిస్తే పని అయిపోయింది. గొంతుతో నొక్కడం తెలుగులోనూ ఉంది, కానీ బరువంతా దాని మీదే వెయ్యం. ఇంగ్లిష్‌లో "ఇట్ వజ్ రవి హూ బుక్డ్ ఇట్" అనే దారి ఉంది గానీ, మాటల్లో వాళ్లు ఎక్కువగా గొంతుతోనే లాగించేస్తారు.

అందుకే మన ఏకారాన్ని మనం ఇంగ్లిష్‌లోకి మోసుకెళ్తాం. "రవి ఓన్లీ బుక్డ్ ద క్రేన్." మన ఉద్దేశం రవే బుక్ చేశాడని. మనలో మనకి ఇది చక్కగా అర్థమవుతుంది, నా దృష్టిలో తప్పు కూడా కాదు, ఇండియన్ ఇంగ్లిష్‌లో స్థిరపడిన వాడుక. కానీ లండన్‌లో ఉన్న క్లయింట్ చెవికి "రవి బుక్ చేశాడంతే, ఇంకేం చెయ్యలేదు" అనో, "క్రేన్ ఒక్కటే బుక్ చేశాడు" అనో వినిపిస్తుంది. అతనికి మాత్రం రవి అని నొక్కి, ఓన్లీ తీసేయడం మంచిది.

ఓన్లీ ఉన్న చోట నొక్కు మారితే ఏకంగా నిజం, అబద్ధం తారుమారు అవుతాయి. ఒక చిన్న ఎక్స్‌పోర్ట్ ఆఫీస్ ఊహించుకోండి. అక్కడివాడు ఫోన్‌లో ఇలా అన్నాడు:

వీ ఓన్లీ షిప్ స్టీల్ టు కొలంబో.

అంటే కొలంబోకి స్టీల్ మాత్రమే పంపుతాం, వేరే సరుకు పంపం. స్టీల్ ఇంకెక్కడికైనా వెళ్లొచ్చు. ఇప్పుడు ఇది వినండి:

వీ ఓన్లీ షిప్ స్టీల్ టు కొలంబో.

అంటే స్టీల్‌ని కొలంబోకి మాత్రమే పంపుతాం, వేరే ఊరికి పంపం. ఆ ఆఫీస్ చిట్టగాంగ్‌కి కూడా స్టీల్ పంపుతోంది అనుకుంటే, మొదటి వాక్యం నిజం కావచ్చు, రెండోది మాత్రం అబద్ధం. చిట్టగాంగ్ నుంచి ఆర్డర్ ఇద్దామని ఫోన్ చేసినవాడు రెండోది వింటే థాంక్యూ చెప్పి పెట్టేస్తాడు. తెలుగులో 'మాత్రమే'ని స్టీల్ పక్కన పెట్టామా, కొలంబో పక్కన పెట్టామా అన్నదే తేల్చేస్తుంది. ఈమెయిల్‌లో గొంతు ఉండదు కాబట్టి అక్కడ మన తెలుగు పద్ధతే బెటర్: "వీ షిప్ స్టీల్ ఓన్లీ టు కొలంబో" అని ఓన్లీని దాని మాట పక్కనే పెట్టేయండి.

నొక్కు తేడా వల్ల మనుషుల మీద అభిప్రాయాలే మారిపోయిన కేసు ఒకటుంది. జాన్ గంపర్జ్ అనే భాషావేత్త 1982లో వచ్చిన తన 'డిస్కోర్స్ స్ట్రాటజీస్' పుస్తకంలో లండన్ బస్సు సంగతి ఒకటి రాశాడు. వెస్టిండీస్ నుంచి వచ్చిన డ్రైవర్ సరిపడా చిల్లర ఇవ్వమని "ఎగ్జాక్ట్ చేంజ్, ప్లీజ్" అంటున్నాడు. బ్రిటిష్‌వాళ్లయితే 'చేంజ్' మీద నొక్కి, 'ప్లీజ్'ని మెల్లగా కింద వదిలేస్తారు. ఈయన 'ప్లీజ్'ని విడిగా, గట్టిగా, పై నుంచి కిందకి దింపుతూ అన్నాడు. ఆయన మనసులో మర్యాదే ఉంది, ప్యాసింజర్లకి మాత్రం దురుసుగా వినిపించింది. మాట మర్యాదైనదే, నొక్కు వాళ్ల లెక్క ప్రకారం లేదు, అంతే.

ఇప్పుడు ప్రాక్టికల్. నొక్కడం అంటే అరవడం అనుకుంటారు చాలామంది. అసలు పని చేసేది సౌండ్ కాదు, పిచ్. నొక్కే అక్షరం దగ్గర గొంతు పైకి లేచి కిందకి జారాలి, ఆ అచ్చు కొంచెం సాగాలి. అంతకన్నా ముఖ్యం, తర్వాత వచ్చే మాటలన్నీ కింద ఫ్లాట్‌గా ఉండిపోవాలి. మనవాళ్లు తడబడేది ఇక్కడే. రవి అని బాగానే నొక్కుతారు, ఆ తర్వాత క్రేన్ మీద ఒకసారి, హార్బర్ మీద ఇంకోసారి మళ్లీ లేస్తారు. వినేవాడు ఆఖరున లేచినదాన్నే పట్టుకుంటాడు. రవి గాలికి పోయాడు.

చెక్ చేసుకోవడానికి ఫోన్‌లో వాయిస్ రికార్డర్ చాలు. వాక్యం చెప్పి రికార్డ్ చేయండి. తర్వాత నోరు మూసుకుని అదే వాక్యాన్ని "మ్‌మ్ మ్‌మ్" అని హమ్ చేస్తూ ఇంకోసారి రికార్డ్ చేయండి. మాటలు లేవు కాబట్టి ట్యూన్ ఒక్కటే వినిపిస్తుంది. కొండ ఎక్కడ దిగిందో అక్కడి నుంచి చివరిదాకా నేల మట్టంగా ఉందా? ఓకే. మధ్యలో ఇంకో కొండ లేచిందా? నొక్కు జారినట్టే. గ్రాఫ్‌లో చూడాలనుకుంటే ప్రాట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో ఇద్దరు పరిశోధకులు తయారు చేసింది. ల్యాప్‌టాప్‌లో వేసుకుంటే మీ పిచ్ గీతలా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి నాకు ఇదే ఇష్టం, మీకు హమ్మింగ్ చాలు.

ఒక జాగ్రత్త. చివరి మాట మీద నొక్కు విన్నంత మాత్రాన ఫోకస్ ఆ ఒక్క మాటే అని ఫిక్స్ అవ్వకండి. "రవి బుక్డ్ ద క్రేన్" అన్నది 'ఏం బుక్ చేశాడు' అన్నదానికీ జవాబే, 'రవి ఏం చేశాడు' అన్నదానికీ జవాబే, 'ఏమైంది' అన్నదానికీ జవాబే. ఏ ప్రశ్న అన్నది ముందు జరిగిన సంభాషణ చెప్పాలి. నొక్కు ముందుకి, అంటే రవి మీదకో బుక్డ్ మీదకో వస్తే మాత్రం ఇన్ని దారులు ఉండవు.

ఈ వారం మీకు ఒక వాక్యం: "ఐ డిడ్‌న్ట్ సే ద షిప్ వజ్ లేట్." నేను అనలేదు వేరేవాడు అన్నాడని ఒకసారి, నేను అన్నది ఈ షిప్ గురించి కాదు ట్రైన్ గురించని ఇంకోసారి చెప్పి, రెండూ రికార్డ్ చేసి, వాక్యానికి ముందు ఏమీ చెప్పకుండా ఫ్రెండ్‌కి పంపండి. ఏది ఏదో వాడు కనిపెట్టాలి.