అప్పు తీరింది, కాగితాలేవి?
(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆఖరి కిస్తీ కట్టి రసీదు జేబులో పెట్టుకుంటే అప్పు తీరిపోయిందనుకుంటాం. బ్యాంకు లెక్కలో కిస్తీలు అయిపోవడం వేరు, ఖాతా మూయడం వేరు. ఖాతా మూయనంతవరకు మన దస్తావేజులు వాళ్ల బీరువాలోనే ఉంటాయి.

ఒక లెక్క చూద్దాం. బోరు, డ్రిప్ కోసం పొలం దస్తావేజు తనఖా పెట్టి టర్మ్ లోను తీసుకున్నాం. అసలులో చివరి కిస్తీ 40,000 రూపాయలు, వడ్డీ నూటికి ఏడాదికి 11. పత్తి డబ్బులు ఆలస్యమై, గడువు దాటిన 23 రోజులకు కట్టాం. కాగితం మీద రాసి ఉన్న మొత్తమే కట్టాం కాబట్టి ఆ 23 రోజుల వడ్డీ, సుమారు 277 రూపాయలు, ఖాతాలో మిగిలిపోతుంది. దాని మీద మళ్లీ వడ్డీ, ఇన్సూరెన్సు ప్రీమియం, ఏదో ఒక చార్జీ పడుతూ ఉంటాయి. రెండేళ్ల తర్వాత కాగితాలకు వెళితే ‘మీ ఖాతా ఇంకా బాకీలో ఉంది’ అంటారు. అందుకే చివరి కిస్తీకి ముందే ‘ఫలానా తేదీన ఖాతా పూర్తిగా మూయడానికి ఎంత కట్టాలి’ అని అడిగి, ఆ అంకె బ్యాంకు చేత రాయించుకోండి. ఆ తేదీన అదే మొత్తం కట్టి, మర్నాడే ఉత్తరం ఇవ్వండి. నోటిమాట అడిగితే ‘వచ్చే వారం రండి’ అనడం వాళ్లకు తేలిక. ఉత్తరం ఇలా ఉంటే చాలు:

‘బ్రాంచి మేనేజరు గారికి,
విషయం: టర్మ్ లోను ఖాతా నంబరు ____ మూసివేత, అసలు దస్తావేజుల వాపసు.
అయ్యా, పై ఖాతాకు మీరు తెలిపిన పూర్తి మొత్తం రూ. ____ను ____ తేదీన చెల్లించాను. రసీదు నకలు జతచేశాను. ఖాతా మూసి, లోన్ క్లోజర్ సర్టిఫికెట్, బాకీ సున్నా చూపే ఖాతా స్టేట్‌మెంటు ఇవ్వగలరు. నేను మీ వద్ద ఉంచిన ఈ అసలు పత్రాలు తిరిగి ఇవ్వగలరు: నా పేరిట రిజిస్టరు దస్తావేజు నం. ____/____, లింకు దస్తావేజు నం. ____/____. తనఖా రిజిస్టరు అయి ఉంటే దాన్ని విడుదల చేసే పత్రం కూడా ఇప్పించగలరు. వేరే బాకీ కింద ఈ పత్రాలు ఆపదలిస్తే, ఆ బాకీ వివరం, ఏ పత్రం ప్రకారం ఆపుతున్నారో రాతపూర్వకంగా తెలపగలరు.’

పత్రాల జాబితా గుర్తు మీద రాయొద్దు. లోను ఇచ్చిన రోజు సంతకం చేసిన తనఖా పత్రంలో ఆ పట్టిక ఉంటుంది, దాన్ని చూసి రాయండి. ‘నా కాగితాలు ఇవ్వండి’ అని మాత్రమే రాస్తే, లింకు దస్తావేజు తగ్గినప్పుడు అది ఇచ్చామని మన దగ్గర రుజువు ఉండదు. ఉత్తరం రెండు ప్రతులు తీసి, రెండోదాని మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోండి. వేయమంటే స్పీడ్ పోస్టులో పంపండి.

ఆ చివరి వాక్యం ఎందుకంటే, బ్యాంకులు తరచూ చూపే కారణం అదే. మన పంట రుణమో, పక్కింటాయనకు పెట్టిన జామీనో చూపించి కాగితాలు ఆపుతారు. వేరే న్యాయమైన బాకీ ఉంటే ఆపే హక్కు బ్యాంకుకు ఉండవచ్చు. కానీ 2003లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన న్యాయమైన వ్యవహార నియమావళి ప్రకారం, ఆ బాకీ పూర్తి వివరాలతో, ఏ పత్రం ఆధారంగా ఆపుతున్నారో చెబుతూ నోటీసు ఇవ్వాలి. నోటిమాటతో ఆపడం కుదరదు.

రోజుకు 5,000 రూపాయల పరిహారం గురించి చాలామంది అడుగుతున్నారు. 2023 సెప్టెంబర్ 13 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు అది. అప్పు తీరిన 30 రోజుల్లో పత్రాలు ఇవ్వకపోతే, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైన ప్రతి రోజుకూ అంత చెల్లించాలి. అయితే అది ఇంటి లోను, చదువు లోను వంటి వ్యక్తిగత రుణాలకు. బోరు లోను, ట్రాక్టరు లోను ఆ నిర్వచనంలో లేవు. ఇల్లు కట్టుకోవడానికి తీసుకున్నవాళ్లు ఉత్తరంలో ఆ ఉత్తర్వును తప్పక రాయండి. వ్యవసాయ లోనుకు దాన్ని చూపిస్తే బ్యాంకు సులువుగా తోసిపుచ్చుతుంది, మన మాట తేలికైపోతుంది. అక్కడ పైన చెప్పిన నియమావళినే పట్టుకోవాలి.

ఉత్తరం ఇచ్చి 30 రోజులైనా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. cms.rbi.org.in లో పెట్టవచ్చు, ఖర్చేమీ లేదు. ముద్ర వేసిన మన రెండో ప్రతి అప్పుడే పనికొస్తుంది.

కాగితాలు చేతికి వచ్చాక కౌంటరు దగ్గరే ప్రతి పేజీ తిప్పి చూసుకుని, ఆ తర్వాతే ‘అందినవి’ అని సంతకం పెట్టండి. ఇంకో పని మిగిలి ఉంటుంది. తనఖా పత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు అయి ఉంటే, విడుదల పత్రం కూడా అక్కడే రిజిస్టరు కావాలి. లేకపోతే ఈసీ తీసినప్పుడల్లా పాత తనఖా కనిపిస్తూనే ఉంటుంది, పొలం అమ్మేటప్పుడో, ఇంకో లోను అడిగేటప్పుడో అడ్డం పడుతుంది. రిజిస్టరయ్యాక కొత్త ఈసీ తీసి, క్లోజర్ సర్టిఫికెట్‌తో కలిపి దస్తావేజు పక్కనే పెట్టుకోండి.