మూడో స్థానం ఎందుకొచ్చింది?

ఒక ఫొటోగ్రఫీ క్లబ్ పోటీలో మూడో స్థానం వచ్చిన యువకుడు, పై రెండు ఫొటోల గొప్పేమిటని అడిగాడు. న్యాయనిర్ణేత దాటవేయకుండా ఉత్తరం రాశారు.

అతని ఫొటోలో గోదావరి మీద తెల్లవారుతోంది, జాలరి వల విసురుతున్నాడు. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు కావడంతో వల కళ్లు విడివిడిగా కనిపిస్తున్నాయని న్యాయనిర్ణేత మెచ్చుకున్నారు. చిక్కల్లా ఆకాశంతోనే. కెమెరా నీడలో ఉన్న జాలరిని బట్టి వెలుతురు లెక్కగట్టింది. దాంతో సూర్యుడి చుట్టూ ఆకాశం తెల్లగా మాడిపోయి, వల పైఅంచు అందులో కలిసిపోయింది. నీడలోని వివరాలను తర్వాత కొంత పైకి తేవచ్చు గానీ, పూర్తిగా తెల్లబడిన చోట తేవడానికేమీ ఉండదు. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి, హిస్టోగ్రామ్ కుడి అంచును గుద్దుకోలేదని చూసుకోవాల్సింది.

రెండో స్థానం పొందిన కుమ్మరి చేతుల ఫొటో మసక గదిలో, ఐఎస్‌వో 3200లో తీసినది. గరుకు బాగా కనిపిస్తుంది. అయినా వేళ్ల సందున జారే తడిమట్టిని ఆ గరుకు దాచలేదు. లోపాలన్నీ ఒకే బరువు తూగవు మరి!

మొదటిది బస్సు కిటికీకి తల ఆన్చి నిద్రపోతున్న పాప. అంచుల్లో చూపు లాగేదేదీ లేదు. జాలరి ఫొటోలోనేమో కుడివైపు సగం తెగిన పడవ ఉంది.

రా ఫైలు ఉంటే మళ్లీ తెరవమనీ, ఆకాశం కొంత తిరిగి రావచ్చనీ, జేపెగ్ ఒక్కటే ఉంటే ఆశ పెట్టుకోవద్దనీ ఆయన రాశారు.