ఒట్టు సరిపోదు

భర్త తాగుడు ఇల్లు గుల్ల చేస్తుంటే అత్తమామలతో మాట్లాడాల్సిందే. అతను మత్తులో లేని ఉదయం పూట, "మీ అబ్బాయి చెడ్డవాడు" అనకుండా, కట్టని అద్దె సంగతి, పొద్దున్నే వణికే చేతుల సంగతి చెప్పండి. "పెద్దల ముందు ఒట్టేయిస్తే మానేస్తాడు" అంటారు వాళ్లు. కానీ రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, ఆపైన మతి తప్పి లేనివి కనిపించవచ్చు, ప్రాణాలకే ముప్పు. అందుకే డాక్టరు కనిపెట్టుకుని ఉండి, మందులతో మాన్పించాలి. "ఎర్రగడ్డకా, పరువు పోదూ?" అనీ అంటారు. అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యాలయంలో తాగుడుకూ చికిత్స ఉంది. హబ్సిగూడ నుంచైతే మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే చేరుకోవచ్చు. ముందు ఫోన్లో అడగాలంటే 14446 హెల్ప్‌లైన్‌కు చేయండి. ఫిట్స్ వస్తే మాత్రం వెంటనే 108కి చేయండి.