పాల చిక్కదనం, పాల కాల్షియం



పాలు కొనేటప్పుడు చాలా ఇళ్ళలో మొదట చూసేది చిక్కదనాన్ని. ఆదిలాబాదు, నిజామాబాదు వైపుల నుండి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలోనూ బర్రెపాలే బలమన్న మాట తరచు వినబడుతుంది. ఆవుపాలు పలచన కనుక వాటిలో ఎముకలకు కావలసిన కాల్షియం కూడా తక్కువేనని దానికి కొనసాగింపు. ఇందులో సగం మాత్రమే నిజం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం, నూరు గ్రాముల ఆవుపాలలో 118 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే గేదెపాలలో 121 ఉంది. ప్రొటీను ఆవుపాలలో 3.3 గ్రాములు, గేదెపాలలో 3.7 గ్రాములు. అసలు తేడా కొవ్వులో ఉంది: ఆవుపాలలో 4.5 గ్రాములు, గేదెపాలలో 6.6 గ్రాములు. మేకపాలు ఆవుపాలకు దగ్గరగా ఉంటాయి. కొవ్వు సుమారు 4 గ్రాములు, ప్రొటీను 3.5 గ్రాములు, కాల్షియం 130 మిల్లీగ్రాములు. పశువు జాతిని బట్టి, మేతను బట్టి, ఈనిన తరువాత గడచిన నెలలను బట్టి ఈ అంకెలు మారుతూనే ఉంటాయి. అదే సంస్థ పాత పట్టికలలో గేదెపాల కాల్షియం 210 అని ఉండేది. బర్రెపాల గొప్పతనం గురించిన నమ్మకానికి అదీ కొంత కారణం కావచ్చు. ఏ అంకెను తీసుకున్నా ఒక విషయం మారదు. కాల్షియం, ప్రొటీను పాలలోని నీటిభాగంలో ఉంటాయి. పైకి తేలే మీగడలో ప్రధానంగా ఉండేది కొవ్వు.

ఈ ఒక్క సంగతి తెలియక జరిగే పొరపాటు సామాన్యమైనది కాదు. పిల్లలకు అరగదన్న భయంతో లీటరు గేదెపాలలో అర లీటరు నీరు కలుపుతారు. కొవ్వు 4.4 గ్రాములకు దిగి, పాలు చూడడానికి ఆవుపాలలాగే ఉంటాయి. కానీ 200 మిల్లీలీటర్ల గ్లాసులో 240 మిల్లీగ్రాములు ఉండవలసిన కాల్షియం 160కి పడిపోతుంది. ప్రొటీనూ మూడింట ఒక వంతు పోతుంది. గ్లాసు నిండుగానే ఉంటుంది కనుక తల్లికి ఆ లోటు కనబడదు.

ఇదే సమస్యకు బొంబాయి పాల సరఫరాలో దారా ఖురోడీ వేరొక మార్గం చూపారు. గేదెపాలలో నీటితోపాటు వెన్న తీసిన పాలపొడి కూడా కలిపితే కొవ్వు తగ్గుతుంది, ప్రొటీను, కాల్షియం తగ్గవు. టోన్డ్ పాలంటే ఇవే. 1963లో వర్గీస్ కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్‌లతో కలిసి రామన్ మెగసెసే పురస్కారం అందుకున్న ఖురోడీ ఈయనే. ప్యాకెట్టు మీద కొవ్వు 3 శాతమని, కొవ్వేతర ఘనపదార్థం 8.5 శాతమని ఉంటే, ఆ రెండవ అంకెలోనే కాల్షియం ఉన్నదని గ్రహించాలి. ఇంట్లో పాలపొడి లేకపోయినా మార్గం ఉంది. గేదెపాలను కాచి, చల్లార్చి, పైన కట్టిన మీగడ తీసివేస్తే చాలు. మేకపాలలో కొవ్వు బిందువులు చిన్నవి కావడంతో మీగడ సరిగా కట్టదు. అక్కడ ఈ ఉపాయం అంతగా పనిచేయదు.

ఇప్పుడు ఐదుగురున్న ఒక ఇంటిని ఊహించుకుందాం. తల్లిదండ్రులకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల చొప్పున, అరవై దాటిన అవ్వకు 1,200, పన్నెండేళ్ళ అమ్మాయికి 850, మూడేళ్ళ బాబుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని పోషకాహార సంస్థ 2020 నాటి సిఫార్సు. మొత్తం 4,550. రోజుకు కొనే లీటరు పాలు, ఆవువైనా గేదెవైనా, అందించేది సుమారు 1,200. కనుక ఏ పాలు అన్నదానికంటే ఎవరికి ఎన్ని అన్నదే పెద్ద ప్రశ్న. బాబుకు రెండు గ్లాసులు, అంటే 400 మిల్లీలీటర్లు ఇస్తే అతని అవసరం దాదాపు తీరుతుంది. అంతకు మించితే అన్నం మీద ఆకలి చచ్చిపోతుంది. మిగిలినదానిలో అమ్మాయికి 300, మీగడ తీసి అవ్వకు 300. పెద్దల చాయ్‌లో పడే నాలుగు చెంచాల పాలను లెక్కలోకి తీసుకోనక్కరలేదు. వారికి రాగులు, నువ్వులు, తోటకూర ఆధారం కావాలి. నూరు గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. రోజూ తినే జొన్నరొట్టెలో అది నామమాత్రమే.

రెండేళ్ళలోపు పిల్లలకు మాత్రం మీగడ తీయరాదు. ఎదుగుదలకు వారికి ఆ కొవ్వు అవసరం. ఏడాదిలోపు శిశువుకు తల్లిపాలకు బదులుగా ఏ పశువు పాలూ సరిపోవు. తేలికగా అరుగుతాయని మేకపాలనే పోసి పెంచే అలవాటు మరీ ప్రమాదకరం. మేకపాలలో ఫోలేట్ అనే విటమిను అతి స్వల్పం. వాటి మీదనే పెరిగిన శిశువు పాలిపోయి, నీరసించి, రక్తహీనతకు లోనవుతుంది. పిండిన వెంటనే పచ్చిగా తాగించడం ఇంకా చెడ్డది, బ్రూసెల్లా జ్వరం అలా సోకుతుంది. ఏ పాలనైనా పొంగు వచ్చేదాకా కాచిన తరువాతే పిల్లలకు పట్టాలి.