రాజీనామా చేసిన ఉద్యోగికి రాసే ఆఖరి లెక్క
(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక చెల్లెలు ఆ మధ్య మా దగ్గరికి ఒక కాగితం పట్టుకొచ్చింది. హైదరాబాదులో పధ్నాలుగు మంది పనిచేసే ఒక ప్రైవేటు ఆఫీసులో బిల్లులు రాసే ఉద్యోగం ఆమెది. 5 సంవత్సరాల 8 నెలలు చేసింది. తల్లికి ఆపరేషన్ ఉండటంతో రాజీనామా చేసింది. ఆఫీసు నుంచి వచ్చిన జవాబు నాలుగు వాక్యాలే. "మీ రాజీనామా ఆమోదించడమైనది. నోటీసు కాలం పూర్తి చేయనందున ఒక నెల జీతం రికవరీ చేయబడును. మిగిలిన మొత్తం తగు సమయంలో చెల్లించబడును. ఇకపై నాకు రావలసినదేమీ లేదని సంతకం చేసి పంపగలరు."

చేతికి ఎంతొస్తుందో అందులో లేదు. ఫోన్ చేస్తే 733 రూపాయలన్నారు. దాదాపు ఆరేళ్ల పనికి! "తప్పు నాదేనేమో అక్కా, నెల నోటీసు ఇవ్వలేకపోయాను కదా" అని ఆమె తల వంచుకుని కూర్చుంది. రాయడంలోనే ఆమెను దోషిని చేసి నిలబెట్టారు. అందుకే ఆ నాలుగు వాక్యాలను మేం మళ్లీ రాశాం. ఎలా రాశామో చెప్తాను. మీలో చాలామంది సంస్థలు నడుపుతున్నారు. రేపు మీరూ ఎవరికో ఒకరికి ఇలాంటి ఉత్తరం రాయాల్సిన వాళ్లే.

ముందు ఆ 733 ఎక్కణ్ణించి వచ్చిందో చూడండి. ఆమె జీతం 18,000. అందులో మూలవేతనం, కరువు భత్యం కలిపి 13,000. ఇంటి అద్దె, రానుపోను ఖర్చులు 5,000. జూన్ 24 దాకా పనిచేసింది కనుక 24 రోజుల జీతం 14,400. వాడుకోని సెలవులు 10 రోజులు. ఈ రెండూ కలిపి, నెల జీతం 18,000 తీసేశారు.

ఇందులో మొదటి తప్పు నోటీసు రోజులది. ఆమె జూన్ 3న రాజీనామా ఇచ్చింది. ముప్పై రోజులంటే జూలై 2 దాకా. ఆమె 24 దాకా వచ్చి పనిచేసింది. అంటే నోటీసులో 22 రోజులు పూర్తి చేసింది, 8 రోజులు తక్కువైంది. "పూర్తి చేయలేదు" అనే ఒక్క మాట కింద చేసిన 22 రోజులూ మాయమయ్యాయి. అందుకే ఇలాంటి ఉత్తరంలో మూడు తేదీలు ఉండి తీరాలి: రాజీనామా ఇచ్చిన తేదీ, నోటీసు ముగిసే తేదీ, ఆఖరిగా పనిచేసిన తేదీ. ఆ మూడూ పక్కపక్కన పెడితే ఎవరైనా వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఇంకో ప్రశ్న కూడా అడగాలి. ముందే పంపేయమన్నది ఎవరు? కొత్త మనిషి వచ్చింది, రేపట్నుంచి రావద్దని ఆఫీసే అంటే ఆ రోజులు ఆమె ఖాతాలో వేయడం అన్యాయం. ఈమె తనే అడిగింది కాబట్టి 8 రోజులూ ఆమెవే. అది మేం ఒప్పుకున్నాం.

రెండో తప్పు పట్టుకోవడం కష్టం. సెలవుల డబ్బు లెక్కేసేటప్పుడు 13,000ను ముప్పైతో భాగించారు. పది రోజులకు 4,333 వచ్చింది. నోటీసు కోసేటప్పుడు మాత్రం 18,000 తీసుకున్నారు. ఇచ్చేటప్పుడు చిన్న తవ్వ, పుచ్చుకునేటప్పుడు పెద్ద తవ్వ. ఆమె అపాయింట్‌మెంట్ లెటర్లో రెండు చోట్లా "జీతం" అనే ఉంది. అప్పుడు రెంటికీ ఒకటే కొలత ఉండాలి. రోజుకు 600 చొప్పున సెలవులకు 6,000, నోటీసుకు 4,800. మీ దగ్గరికొచ్చే కేసులో లెటర్ వేరుగా చెప్పవచ్చు. అందుకే లెక్క వేసే ముందు ఆ లెటర్ తెప్పించుకోండి. నోటీసు షరతే అందులో లేకపోతే ఏ ఆధారంతో కోస్తున్నారని రాతపూర్వకంగా అడగండి.

కోతకు హద్దు కూడా ఉంది. 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఒక వేతన కాలంలో మొత్తం కోతలు ఆ వేతనంలో సగం దాటకూడదు. 14,400లోంచి 18,000 కోస్తామనడం ఆ హద్దును తుంగలో తొక్కడమే.

మూడోది, "తగు సమయం". అదే కోడ్ ప్రకారం రాజీనామా చేసిన వాళ్లకు కూడా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. పాత 1936 చట్టంలో ఈ రెండు రోజుల గడువు యజమాని తీసేసిన వాళ్లకే ఉండేది. తనంతట తాను మానేసిన మనిషి పేరు అందులో లేదు. "జీతాలిచ్చే రోజు చూద్దాం" అనే అలవాటు ఆఫీసుల్లో ఇంకా పోలేదు. ఈమె ఆఖరి రోజు బుధవారం, కాబట్టి శుక్రవారం, 26వ తేదీ గడువు. ఉత్తరంలో ఆ తేదీ వేయాలి.

ఇక వాళ్లు అసలు రాయనిది గ్రాట్యుటీ. అయిదేళ్లు నిండిన మనిషికి అది హక్కు. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కించాలి కనుక ఆమెకు ఆరేళ్లు. 13,000ను 26తో భాగించి, 15తో, మళ్లీ ఆరుతో హెచ్చిస్తే 45,000. ఇది ముప్పై రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీతో సహా. నోటీసు తక్కువైందని దీంట్లోంచి కోయడానికి వీల్లేదు. అందుకే దీన్ని విడిగా రాయాలి.

మేం తిరగరాసిన ఉత్తరం ఇదీ:

"మీరు జూన్ 3న ఇచ్చిన రాజీనామా ఆమోదించాం. నోటీసు జూలై 2 వరకు. మీ కోరికపై జూన్ 24న మిమ్మల్ని రిలీవ్ చేశాం. తక్కువైన నోటీసు 8 రోజులు.

జూన్ 1 నుంచి 24 వరకు జీతం 14,400. వాడని 10 రోజుల సెలవులకు 6,000. మొత్తం 20,400. ఇందులో 8 రోజుల నోటీసుకు 4,800 తగ్గిస్తున్నాం. మీకు చెల్లించేది 15,600. ఇది జూన్ 26న మీ బ్యాంకు ఖాతాలో వేస్తాం.

గ్రాట్యుటీ 45,000 విడిగా జూలై 24 లోపు చెల్లిస్తాం.

ఈ లెక్కలో తేడా ఉంటే రాసి తెలపండి. డబ్బు అందాక చేసే సంతకం రసీదు మాత్రమే. రిలీవింగ్ లెటర్ దీంతో జతపరిచాం."

ఇ.ఎస్.ఐ., వృత్తి పన్ను లాంటి కోతలుంటే ఒక్కొక్కటీ ఒక్కో వరుసలో రావాలి. మీకు లెక్క సులువుగా తెలియాలని ఇక్కడ వదిలేశాను.

చివరి రెండు వాక్యాల గురించి ఒక మాట. డబ్బు ముట్టకముందే ఏమీ రావలసినది లేదని సంతకం అడిగితే పెట్టవద్దని చెప్పండి. కొత్త ఉద్యోగానికి రిలీవింగ్ లెటర్ కావాలి కనుక చాలామంది ఆడవాళ్లు ఆ భయంతోనే పెట్టేస్తారు. పెట్టక తప్పకపోతే పేరు పక్కన "అభ్యంతరాలతో" అని రాసి, తేదీ వేసి, నకలు దగ్గర పెట్టుకోమనండి. వేతన బకాయి కోసం కార్మిక శాఖ అధికారి దగ్గర క్లెయిము వేయడానికి మూడేళ్ల గడువుంది. జీతం ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సింది యజమానే.

ఆమె ఈ ఉత్తరం తీసుకెళ్లి మేనేజరు ముందు పెట్టింది. నోటీసు రోజులు ఆయన అక్కడికక్కడే సరిచేశాడు. సెలవుల కొలత మీద కాసేపు వాదించి ఒప్పుకున్నాడు. 15,600 వచ్చింది, గడువు దాటి నాలుగు రోజులకు. గ్రాట్యుటీ మాత్రం "యజమానిని అడగాలి" అన్నాడు. దాని కోసం ఆమె ఇప్పుడు దరఖాస్తు రాస్తోంది. ఈసారి లెక్క మమ్మల్ని అడగలేదు, తనే వేసుకుంది.