చూసినోళ్లు ఎందుకు కొంటలేరు?

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశం, తొర్రూరు – ప్రసంగ పాఠం)



ఆన్‌లైన్ అమ్మకాల గురించి మాట్లాడమన్నరు. అంతా చెప్పాలంటే పొద్దు చాలదు, ఒక్క కారం పేజీ సంగతే చెప్తం.

మన మండలంలోనే ఒక సంఘం అప్పు తీసుకొని చపాట మిరప కొని కారం పట్టించింది. ఆన్‌లైన్ల పెట్టినంక నెలలో 612 సార్లు ఆ పేజీ చూసినరు, కానీ పోయినవి 6 ప్యాకెట్లే. ఇంట్ల 38 కిలోలు మిగిలింది. కారం నిల్వ ఉన్నకొద్దీ రంగు తగ్గుతది, కిస్తీ మాత్రం ఆగదు. ధర తగ్గిద్దామా అని ఆ అక్కలు మమ్ముల అడిగిండ్రు.

ధర ముట్టొద్దన్నం. అసలు చూసేటోళ్లే లేకుంటే అది ఫొటోతోనో పేరుతోనో వచ్చిన ఇబ్బంది. ఇక్కడ ఫొటో, ధర చూసే లోపలికి వస్తున్నరు, చదివినంక వెనక్కి పోతున్నరు. అంటే చదివేటప్పుడే ఏదో అనుమానం పుడుతున్నది. అంగట్ల అయితే ముఖం చూసి “ఏమైందక్కా” అని అడుగుతం. ఫోన్ల ఆమె అడగదు, మనం చెప్పలేము.

అందుకే ఆ పేజీని అనుమానమున్న మనిషి లెక్క చదివించినం. కారం పట్టినోళ్లు చదివితే లాభం లేదు. వాళ్లకు అన్నీ తెలుసు కాబట్టి, రాయని మాట కూడా రాసినట్టే కనిపిస్తది. వేరే సంఘం చెల్లెను కూర్చోబెట్టి, “నువ్వు హైదరాబాద్ల ఉంటవు, ఇంతకుముందు రంగు కలిపిన కారం కొని మోసపోయినవు” అని చెప్పినం. ఒక్కో వాక్యం చదివి, మనసుల వచ్చిన ప్రశ్న పైకి అనాలె. ఇంకొకరు రాసుకోవాలె.

పేజీల ఇట్ల ఉండె: “స్వచ్ఛమైన ఇంటి కారం. నాణ్యతకు మారుపేరు. రంగు, రుచి అద్భుతం. ఒకసారి వాడి చూడండి.”

మొదటి మాటకే ఆ చెల్లె, “స్వచ్ఛం కాదని ఎవరు రాస్తరు?” అన్నది. తర్వాత, “260 రూపాయలకు పావుకిలోనా, అరకిలోనా?” అసలుకు అది అరకిలో, కానీ ఆ ముచ్చట అట్టడుగున ఉన్నది. తర్వాత, “ఇంత ఎర్రగ ఉన్నది, రంగు కలిపిండ్రా?” ఆఖరుకు, “ఘాటు ఎంత?” దీనికి పేజీల జవాబే లేదు. కింద ఒకరు రెండు చుక్కలిచ్చి “రంగే ఉంది, కారం లేదు” అని రాసిండ్రు. అది చదివినోళ్లకు రంగు అనుమానం ఇంకింత గట్టిపడ్డది.

నిజానికి చపాట గుణమే అది. ఎరుపు ఎక్కువ, ఘాటు తక్కువ. వరంగల్ చపాట మిర్చికి 2025లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. (ఆ గుర్తును వాడుకునేందుకు రిజిస్టర్ అయినోళ్లే ప్యాకెట్ మీద వేయాలె. మనం మిరప రకం పేరు రాస్తే చాలు.) ఆ ఒక్క సంగతి మొదలే చెప్తే, తప్పులెక్క కనిపించింది గుణమైతది.

కొత్తగా ఇట్ల రాయించినం: “చపాట మిరప కారం, 500 గ్రాములు. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. మామూలు కారం ఒక స్పూను వేసే కూరకు ఇది స్పూనున్నర పడుతుంది. తొడిమలు తీసి, ఎండబెట్టి, తొర్రూరులో పట్టించినం. రంగు, నూనె కలపలేదు.” స్పూనున్నర అనేది ఊహ కాదు, ఆ అక్కలు పప్పుల, కోడికూరల వేసి చూసి చెప్పిన లెక్క. పట్టించిన తేదీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కనపడేటట్టు ప్యాకెట్ వెనుక ఫొటో పెట్టించినం.

రంగు అనుమానానికి గ్లాసు నీళ్ల ఫొటో పెట్టినం. నీళ్ల మీద కారం చల్లితే, నీళ్లల్ల కరిగే రంగు కలిసి ఉన్నప్పుడు వెంటనే చారలు చారలుగా కిందికి దిగుతది. కానీ సుడాన్ లాంటి నూనెల కరిగే రంగులు ఈ పరీక్షకు దొరకవు, వాటికి ల్యాబే కావాలె. అందుకే ఫొటో కింద “నీళ్ల పరీక్ష” అనే రాసినం, “వంద శాతం స్వచ్ఛతకు రుజువు” అని రాయనియ్యలేదు. రెండు చుక్కల మాటకు కూడా, “చపాట ఘాటు తక్కువ ఉంటుందండి, ఇప్పుడు పేజీలో రాసినం” అని మర్యాదగా జవాబిచ్చిండ్రు. చుట్టాలతోని మంచి మాటలు రాయిద్దామని ఒకరన్నరు, మేము ఒప్పుకోలేదు.

మొదటి ఫొటో, ధర మార్చలేదు. అన్నీ ఒక్కసారే మారిస్తే ఏది పనిచేసిందో తెల్వదు. తర్వాతి నెల చూసింది 540 సార్లు, పోయినవి 21 ప్యాకెట్లు. చూసుడు తగ్గింది, ఘాటు కావాల్నన్నోళ్లు పేరు దగ్గరనే ఆగి ఉంటరు. వాళ్లు కొని తిట్టేకంటే అదే నయం.

ఒకటి మాత్రం రాతతో తీరలేదు. కొందరు కొనే దాకా వచ్చి, 70 రూపాయల డెలివరీ ఖర్చు చూసి వదిలేస్తున్నరు. అరకిలోకైనా కిలోకైనా ఆ యాప్‌ల అంతే పడుతున్నది. అందుకని రెండు అరకిలోలు కలిపి ఒక్క ప్యాకెట్‌గా పెట్టి చూస్తున్నరు. ఆ లెక్క వచ్చే నెల మీటింగుల చెప్తరు.