ధర ఎక్కువన్నప్పుడు

చీరల దుకాణానికి ఒకావిడ వచ్చారు. పోచంపల్లి పట్టు చీర నచ్చింది. ధర 9,500 అనగానే, “అమ్మో, అంతా! బయట రెండు వేలకే ఇస్తున్నారు” అన్నారు.

ఇక్కడ వెంటనే వెయ్యి తగ్గిస్తే, మొదట చెప్పిన ధర మీదే అనుమానం వస్తుంది. వాదిస్తే మనసు నొచ్చుకుంటుంది. ముందు అడగాలి: “మీరు చూసింది ఇలాంటిదేనా అమ్మా, లేక ఆ ధరలోనే తీసుకుందామని అనుకున్నారా?”

పోలికే కారణమైతే చీరను తిరగేసి చూపండి. “దారానికి ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారమ్మా. అందుకే డిజైన్ రెండువైపులా కనిపిస్తుంది. అచ్చు వేసినదైతే వెనక వెలిసినట్టుంటుంది” అని చెప్పి ఆగండి. చీరను ఆవిడ చేతికివ్వండి. ఆ కాసేపు మాట్లాడకపోవడమే కష్టం, అయినా అదే అవసరం.

చేతిలో అంత డబ్బు లేకపోతే నేత గొప్పదనం ఎంత చెప్పినా ఒత్తిడే అవుతుంది. “ఇదే నేతలో కాటన్ చీర తక్కువలో వస్తుంది, చూస్తారా?” అనండి. ఒకటి రెండు చూపిస్తే చాలు.

“ఆలోచిస్తాను” అంటే, “అలాగేనమ్మా” అనండి. “ఈ రోజే ఆఖరు” అని మాత్రం అనకండి.